కోడలి పక్కన చెప్పిన అవును

మొన్న వేసవిలో మా ఇంట్లో రోజూ పదకొండింటికి ఫ్యాన్లన్నీ ఆగిపోయేవి. కరెంటు పోయి కాదు, నా కొడుకు కూతురు ఆపేది. హాంకాంగ్‌లో ఉన్న ఒక ముసలమ్మతో కంప్యూటర్‌లో మాట్లాడుతూ ఆవిడ మాటలు రికార్డు చేసుకునేది. ఫ్యాను చప్పుడు పడితే ఆ రికార్డు పనికిరాదట. నూజివీడు మే నెల ఎండ సంగతి చెప్పేదేముంది. గంటసేపు చెమటలు కక్కుతూ తాటాకు విసనకర్రతో విసురుకునేదాన్ని. కరెంటు కలిసొస్తుంది కదా అని మొదట్లో నోరెత్తలేదు. వారం తిరిగేసరికి ఆ ఆదా కూడా నాకొద్దనిపించింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా మనవరాలు చదువుతున్నది భాషల గురించిన చదువు. హైదరాబాదులో చైనా భాష నేర్చుకుంది, దాని మీదే డాక్టరేటు. ఆ పని మీద రెండేళ్ళు హాంకాంగ్‌లో ఉండి, ఈ ముసలమ్మ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకుంది. వచ్చే స్కాలర్‌షిప్పు ఆగిపోయాక, హాస్టలు ఖర్చు దండగని మిగిలినది ఇంట్లో కూర్చుని రాసుకుంటానని వచ్చింది. జూన్ నెలాఖరుకల్లా పుస్తకం ఇచ్చేస్తే విశాఖపట్నంలో ఒక కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇవ్వలేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మూడు అధ్యాయాలు అయ్యాయి. నాలుగోది ఈ ముసలమ్మ మాటల మీద నడుస్తోంది.

ఒకనాడు మాగాయకి కాయలు చెక్కు తీస్తూ అడిగాను.

"రోజూ అంతసేపు ఏం అడుగుతావే ఆవిణ్ణి?"

"కాదు, లేదు అనే మాటల గురించి నానమ్మా."

"ఆ రెండు మాటలకి నాలుగేళ్ళు చదవాలా?"

అది నవ్వి కత్తిపీట పక్కన కూలబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది. పనిలో పనిగా ఒక కాయ చేతికిచ్చాను. చెక్కు తీస్తూ చెప్పింది.

"చైనాలో అందరూ బళ్ళో నేర్చుకునేది మాండరిన్. హాంకాంగ్ వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది కాంటనీస్. మాండరిన్ వాళ్ళకి 'బు' అని ఒక మాట, 'మే' అని ఒక మాట. నేను తినను, వాడు తినడు అనాలంటే బు. ఇది అది కాదు అన్నా బు. నేను తినలేదు అంటే మే. నా దగ్గర డబ్బు లేదు అన్నా మే."

"మరి ఆ రెండోవాళ్ళకి?"

"బు అనే చోట 'మ్' అంటారు. మే అనే చోట 'మో' అంటారు."

"మ్ ఏంటి?"

"అంతే. పెదాలు తెరవరు. మ్."

నోరు తెరవకుండా కాదనేస్తారన్నమాట. మనం ఊహూఁ అంటాం, అందులోనూ పెదాలు తెరవనక్కర్లేదు. అది చెబితే అలా కాదు, వాళ్ళది ఒక నిఖార్సైన మాట, దాని తర్వాత ఏ పని కాదో ఆ మాట రావాలి అంది. సరేనన్నాను.

"మన లేదు కూడా అంతేగా మరి. డబ్బు లేదంటాం, తినలేదంటాం. రెండు చోట్లా అదే లేదు," అన్నాను.

అది చెక్కు తీయడం ఆపి నా వంక చూసింది. "ఈ ముక్క మా సార్‌కి చెప్పడానికి నాకు రెండు పేజీలు పట్టింది నానమ్మా."

"కాగితం దండగ. జోడీకి జోడీ కుదిరిందిగా, ఇంక రాసేదేముంది?"

"అన్నిచోట్లా కుదరదు. మాండరిన్‌లో ఉంది అనడానికి 'యో' అంటారు. దాని ముందు బు పెట్టరు, మే పెట్టి 'మే యో' అంటారు. లేదు అని. ఆ యో వదిలేసి ఉత్త మే అన్నా చాలాచోట్ల నడుస్తుంది. కాంటనీస్‌లో ఉంది అంటే 'యౌ'. కానీ వాళ్ళ మో లోపలే ఆ ఉండటం కలిసిపోయింది. మళ్ళీ దాని పక్కన యౌ పెట్టి 'మో యౌ' అంటే చెవికి తప్పుగా తగులుతుంది. రాతలో కూడా అంతే. ఉంది అనే అక్షరం కడుపులో రెండు అడ్డగీతలుంటాయి. ఆ రెండూ తీసేస్తే మో."

"కడుపు ఖాళీ అయితే లేదన్నమాట. బానే కనిపెట్టారు."

"అయితే ఈవిడ మో యౌ అనొచ్చంటోంది నానమ్మా!" అంటూ అది ముందుకు వంగింది. అప్పటిదాకా ఉన్న నీరసం మొహంలోంచి పోయింది. "ఈవిడ కోడలు చైనాలో ఉత్తరాది పిల్ల. ఆమెది మాండరిన్. పెళ్ళయ్యాక కాంటనీస్ నేర్చుకుంది గానీ, మే యో అన్నట్టే మో యౌ అంటుంది. పదిహేనేళ్ళ నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఎనభై ఏళ్ళ మనిషికి కోడలి మాట అంటుకుంది. ముసలివాళ్ళ మాట మారదని అందరూ రాశారు. మారుతుందని నేను రాస్తున్నా."

ఎలా తెలిసిందని అడిగాను. ఇది ఒక వాక్యం చెబుతుంది, ఇలా అనొచ్చా అని అడుగుతుంది. ఆవిడ 'హై' అంటే అవును. అలా రోజుకి ముప్ఫై, నలభై వాక్యాలు.

మర్నాటి నుంచి నేనూ పని అవగొట్టుకుని ఆ గంటసేపు వెనక కూర్చునేదాన్ని. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ తెరలో ఇద్దరు ఆడవాళ్ళు కనబడుతుంటే చూడబుద్ధయ్యేది. ఆవిడ సన్నగా, తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. పక్కన కోడలు. ఆ ట్యాబ్ కోడలిదే, దాన్ని తన చేత్తోనే పట్టుకుని ఉండేది. మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు నుంచి వచ్చి, అత్తకి అన్నం పెట్టి, ఈ పని కూడా చేసిపెట్టి మళ్ళీ వెళ్ళేదట. మంచి పిల్ల. అత్త గడ్డం మీద మెతుకు పడితే మాట్లాడుతూనే తుడిచేది.

ఇది వాక్యం చదివేది. ఆవిడ "హై, హై" అనేది. ఇంకొకటి చదివితే "హై". కొన్నిసార్లు ఇది పూర్తిగా చదవకముందే హై వచ్చేసేది. అనబోతూ ఆవిడ ఒక్కసారి పక్కకి చూసేది. చూపే పక్కకి పోయేది, తల కదిలేది కాదు.

ఆ చూపు నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా నేను చూస్తున్న చూపే అది.

మా కోడలిది గోదావరి జిల్లా. పులుసులో బెల్లం పడనిదే దానికి పొయ్యి వెలగదు. నాకు పులుసు తియ్యగా ఉంటే గొంతు దిగదు. కానీ అందరి ముందూ పులుసెలా ఉందని ఎవరైనా అడిగితే, గరిటె పట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంటే, బాగుందనే అన్నాను. మిగతా అన్నింట్లో నేను గయ్యాళినని ఊరంతా అంటారు. సబ్బు ముక్క పారేసినా, అన్నం మిగిల్చినా ఊరుకోను. కానీ పెట్టే చెయ్యి పక్కనే ఉంటే నేను పులుసుకి వంక పెట్టలేదు. పైగా వయసు మీద పడ్డాక ఇంకోటి తెలిసింది. అవునంటే అడిగినవాళ్ళు తొందరగా వెళ్ళిపోతారు. కుళాయి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని కాగితాలు పట్టుకుని అడగడానికి వచ్చినవాళ్ళకి నేను వస్తున్నాయనే చెప్పాను. రావడం లేదంటే ఇంకో పది ప్రశ్నలు అడుగుతారు.

అనుమానం వచ్చింది గానీ మూడు రోజులు బయటపెట్టలేదు. చెబితే దాని నాలుగో అధ్యాయం ఏమవుతుందో నాకు అర్థమైంది. రాత్రింబగళ్ళు ఆ పిల్ల రాస్తున్నది నా కళ్ళముందే. నాకెందుకులే, పెద్ద పెద్ద సార్లు చూస్తారు, వాళ్ళే చెబుతారులే అనుకున్నాను. అలా అనుకుని పడుకుంటే నిద్ర పట్టేది కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ములక్కాడ పులుసు. కోడలు వడ్డిస్తూ, "ఎలా ఉందత్తయ్యా?" అంది.

"బాగుంది."

"నానమ్మ ఎప్పుడూ బాగుందనే అంటుంది," అని మనవరాలు నవ్వింది. "ఒక్కసారీ మారదు."

"మీ ముసలమ్మ కూడా అంతేగా," అన్నాను. నోరు జారిందని చెప్పను. జారనిచ్చాను.

"అంటే?"

"కోడలు పక్కన కూర్చుని ఉంటే, కోడలు మాట్లాడే మాటనే తీసుకెళ్ళి ఇది తప్పా ఒప్పా అని అడిగితే, ఏ అత్త తప్పంటుందే? ఆ పిల్ల పెట్టిన అన్నం ఇంకా నోట్లోనే ఉందాయె."

కోడలు గరిటె గిన్నెలో పెట్టింది. "ఉండండత్తయ్యా. అంటే పులుసు బాగోలేదనా?"

"నీ పులుసు సంగతి కాదమ్మా."

"నా పులుసు సంగతే! ముప్ఫై ఏళ్ళు! ఒక్కనాడు చెబితే బెల్లం తగ్గించనూ?"

"చెప్పి ఏం చేసేది? తిన్నాగా."

"చూశావుటే మీ నానమ్మని," అని అది కూతురి వంక తిరిగింది. కూతురు వినడం లేదు. ముద్ద కలిపిన చెయ్యి కంచంలో అలాగే ఉంది.

నా వంక తిరిగి నెమ్మదిగా అంది. "వేరేవాళ్ళని అడిగేటప్పుడు మధ్యలో కావాలని తప్పు వాక్యాలు పెడతాం. ఎవరూ అనని వాక్యాలు. వాటికీ అవునంటే ఆ మనిషి జవాబు లెక్కలోకి తీసుకోం. హాంకాంగ్‌లో అందరికీ పెట్టాను. ఈవిడకి మాత్రం తీసేశాను. పెద్దావిడ, అలిసిపోతుంది, అన్నన్ని వాక్యాలు ఎందుకులే అని."

"జాలిపడ్డావు," అన్నాను.

"జాలిపడకూడదు. మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు."

మర్నాడు పదకొండింటికి ఫ్యాన్లు ఆపి కూర్చుంది. పది వాక్యాలు మామూలువి అడిగాక, గొంతు మార్చకుండా ఒకటి అడిగింది. తర్వాత నాకు చెప్పింది, అందులో 'మ్ యౌ' అని పెట్టిందట. ఆ 'మ్' ఆ 'యౌ' ముందు రాదు. అక్కడ మాండరిన్‌లో బు రాదు, ఇక్కడ మ్ రాదు. ఆ కోడలు కూడా అలా అనదు. పసిపిల్లలు కూడా అనరు.

ముసలమ్మ, "హై, హై," అంది.

మనవరాలు ఇంకో ఐదు వాక్యాలు అడిగింది. దండం పెట్టి, నవ్వి, సెలవు తీసుకుంది. తెర నల్లబడ్డాక లేచి వెళ్ళి ఫ్యాను వేసింది. రికార్డు ఇంకా నడుస్తూనే ఉందని గుర్తుచేశాను. "నడవనీ," అని పడుకుంది.

రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున్నే లేపి చెప్పాను. "కోడలు లేనప్పుడు మాట్లాడి చూడు. వాక్యాలు అడక్కు. ఊరికే మాట్లాడు." ఉదయం మనకి ఏడైతే వాళ్ళకి తొమ్మిదిన్నరట. కోడలు ఆఫీసుకి వెళ్ళిపోయి ఉంటుంది. ట్యాబ్ ఇంట్లోనే చార్జింగులో ఉంటుంది. ఆవిడకి ఫోన్ చేయడం రాదు గానీ, మోగితే పచ్చబొమ్మ నొక్కడం వచ్చు.

నొక్కింది. మొహం సగమే కనబడింది, నుదురూ జుట్టూ. దేనికో ఆనించి పెట్టుకుంది. ఇది కాగితం తీయలేదు, రికార్డు కూడా పెట్టలేదు. నన్ను చూపించి మా నానమ్మ అని చెప్పింది. మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం చేతులూపుకున్నాం. ఆవిడ ఏదో అడిగింది, నా మోకాళ్ళు ఎలా ఉన్నాయట. నొప్పులేనని చెప్పమన్నాను. ఆవిడ తన మోకాలు తెరకెత్తి చూపించింది. గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యమధ్యలో మో, మో అని వినబడుతోంది. నిన్న రాత్రి నిద్ర లేదు, పని మీద వేరే ఊళ్ళో ఉన్న కొడుకు ఫోన్ చేయలేదు, కింద కొట్టులో మంచి చేప లేదు. పెదాలు మూసి మ్ అనడమూ వినబడింది. వాకింగుకి వెళ్ళదు, వేడినీళ్ళు తప్ప తాగదు. అన్నీ మనవరాలు నాకు చెబుతూనే ఉంది. మో పక్కన యౌ ఒక్కసారి కూడా రాలేదట.

చివరికి ఇది అడిగేసింది. మో యౌ అంటారా మీరు అని.

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. మా కోడలు అంటుంది అంది.

"ఎప్పుడైనా తప్పని చెప్పారా?" అని అడిగింది ఇది.

"మో," అంది ఆవిడ. ఆ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. నవ్వు లేదు. మనవరాలు నాకు చెప్పడం మానేసి తలూపుతూ విన్నది. అంతా అయ్యాక చెప్పింది. కోడలు ఆ ఇంటికి వచ్చినప్పుడు కాంటనీస్ ఒక్క ముక్క రాదట. ఆఫీసులో ఆమెకి ఆ భాషతో పని లేదు. ఈవిడతో మాట్లాడటానికే నేర్చుకుందట. ఈవిడ మాత్రం కోడలి భాష నేర్చుకోలేదు. నాకోసం నేర్చుకున్న మాటని తప్పని నేనెలా అంటాను, ఇది నువ్వు పుస్తకంలో రాయకు, ఆమె చదువుకున్న పిల్ల, చదువుతుంది అందట.

"పేర్లు లేకుండా రాయొచ్చుగా," అంది మా కోడలు, టిఫిను తెచ్చి పెడుతూ.

"పేరు లేకపోతే తెలియకుండా ఉంటుందా అమ్మా? నేను ఎవరింట్లో ఉన్నానో అందరికీ తెలుసు. పుస్తకం ముందు పేజీలో వాళ్ళకి థాంక్స్ కూడా రాశాను."

"వచ్చిన ఉద్యోగం పోతుందే."

"తెలుసు."

ఏమంటాను? అబద్ధం అట్టిపెట్టుకుని ఉద్యోగానికి పొమ్మననా? నిజం రాసి ఆ కోడలి మనసు కష్టపెట్టమననా? ఉప్మా చల్లారిపోతోంది, తినమన్నాను.

ఆ సాయంత్రం వాళ్ళ సార్‌కి ఉత్తరం రాసింది. ఆ ముసలమ్మ దగ్గర తీసుకున్న వాక్యాలు నమ్మదగ్గవి కావని, తాను అడిగిన పద్ధతే తప్పని, ఆ అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానని. నాకు తెలుగులో చదివి వినిపించింది. తప్పంతా తన మీదే వేసుకుంది. కోడలి సంగతి ఎక్కడా రాయలేదు. సార్ కోప్పడలేదు, డిసెంబరు దాకా గడువిచ్చారు. కాలేజీ వాళ్ళు ఆగలేదు. జూలైలో ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ కబురొచ్చిన రోజు ఇది హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి, ఇంగ్లీషు నేర్పే ఒక ట్యూషన్ సెంటరులో సాయంత్రాలు చెప్పడానికి ఒప్పుకుని వచ్చింది. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు వానలో తడిసి మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని మంచమెక్కింది.

నేను చెప్పకుండా ఉండాల్సిందా అని చాలాసార్లు అనుకున్నాను. కోడల్ని అడిగితే, "మీరు చెప్పకపోతే ఇంకెవరో చెప్పేవాళ్ళు, అప్పుడు పరువూ పోయేది," అంది. అంత ధైర్యంగా నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ముసలమ్మతో మాటలు మాత్రం ఆగలేదు. వారానికి రెండుసార్లు పొద్దున్న ఏడింటికి. కొన్నాళ్ళకి ఆవిడే కాచుకుని కూర్చునేది, ఇది చేయగానే ఒక్క మోతకే నొక్కేది. వేరే ఇళ్ళలో ముసలివాళ్ళతో కూడా ఇలాగే ఊరికే మాట్లాడి, వాళ్ళ ఇష్టంతో రికార్డు చేసుకుని, అందులో వచ్చిన మ్‌లూ మోలూ ఏరుకుని అధ్యాయం మళ్ళీ రాద్దామని దీని ఆలోచన. ఆవిడ ఇరుగుపొరుగుని ఇద్దర్ని అడిగి ఒప్పించింది కూడా.

పోయిన వారం ఆవిడనే అడిగింది, మీ మాటలు కూడా రికార్డు చేసుకోనా, కోడలి ఊసు రానివ్వను అని. ఆవిడ పక్కకి చూడలేదు, పక్కన ఎవరూ లేరు.

"మ్ హో," అంది. వద్దు అని.

మనవరాలు వెంటనే సరేనంది. ఇంకోసారి అడగలేదు. ఇంతకాలం ఇది కోరినదానికి ఆవిడ చెప్పిన మొదటి వద్దు అదేనట. ఆ తర్వాత ఇద్దరూ ఏదో కూర గురించి మాట్లాడుకున్నారు, ఆవిడ గట్టిగా వాదించింది, ఇది ఓడిపోయింది. పెట్టేశాక వచ్చి, పడమటి గదిలో కిటికీ పక్కన కూర్చుని, కొత్త ఫైలు తెరిచి నాలుగో అధ్యాయం అని రాసింది. ఆ పూట ఒక పేజీ కూడా నిండలేదు.